పొరపాటున జీతం ఎక్కువ పడితే: లెక్క తేల్చుకోవడం, వాయిదాల్లో రికవరీకి పేరోల్‌కు మెయిల్ రాయడం

జీతం ఎక్కువ పడిందని తెలిసిన రోజు టెన్షన్ పడేది ఒక్క విషయానికే: కంపెనీ మొత్తం డబ్బు ఒకేసారి కోసేస్తే ఆ నెల ఎలా గడుస్తుంది? దాన్ని తప్పించుకునే దారి ఉంది. కోత మొదలయ్యేలోపే మీరే లెక్క తేల్చి, ఏ నెలలో ఎంత పట్టుకోవచ్చో రాసి పంపాలి. పేరోల్ వాళ్లకు వాయిదాలంటే ఇష్టం లేక కాదు, వాటిని తయారు చేసే ఓపిక, సమయం లేక ఒకేసారి కోస్తారు. ఆ పని మీరు చేసి పెడితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఇది ముఖ్యంగా ప్రైవేట్ ఉద్యోగుల కోసం రాస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు, దాని గురించి చివర్లో చెప్తాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఏప్రిల్‌లో ఆమెకు నెలకు 8,000 ఇంక్రిమెంట్ వచ్చి గ్రాస్ జీతం 1,20,000 కావాలి. ఎవరో సిస్టమ్‌లో 8,000 బదులు 18,000 కొట్టారు. దాంతో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలు 1,30,000 లెక్కన జీతం పడింది. సెప్టెంబర్ మొదటి వారంలో విషయం బయటపడింది.

ముందు అది నిజంగా ఎక్కువేనా చూడండి

బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం చూసి నిర్ణయానికి రావద్దు. అరియర్స్, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, వేరియబుల్ పే, ట్రావెల్ బిల్లుల రీయింబర్స్‌మెంట్, ఇవన్నీ జీతంతో కలిసి పడతాయి. ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫ్‌లు ఇచ్చాక ఆ నెల టీడీఎస్ తగ్గినా చేతికి ఎక్కువే వస్తుంది. అవేవీ పొరపాట్లు కావు.

పేస్లిప్ తెరిచి ఎడమవైపున్న ఎర్నింగ్స్ ఒక్కో లైనూ ఇంక్రిమెంట్ లెటర్‌లోని లైనుతో పోల్చండి. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్, మిగతావీ. మన ఉదాహరణలో బేసిక్, హెచ్‌ఆర్‌ఏ సరిగ్గా ఉన్నాయి. స్పెషల్ అలవెన్స్ ఒక్కటే లెటర్‌లో ఉన్నదానికంటే 10,000 ఎక్కువ. తేడా ఏ లైనులో ఉందో తెలియడం చాలా ముఖ్యం. తేడా బేసిక్‌లో ఉంటే, బేసిక్ మొత్తం మీద 12 శాతం పీఎఫ్ కట్ చేసే కంపెనీల్లో పీఎఫ్ కూడా ఎక్కువ కట్ అయి ఉంటుంది. ఆ డబ్బు మీ చేతికి రాలేదు, పీఎఫ్ ఖాతాలోకి వెళ్లింది. కాబట్టి దాన్ని కంపెనీ పీఎఫ్ వైపు సర్దుకోవాలి గాని మీ జేబులోంచి అడగకూడదు. ఈమెకు పీఎఫ్ 15,000 పరిమితి మీద నెలకు 1,800 మాత్రమే కట్ అవుతుంది, తేడా కూడా అలవెన్స్‌లోనే ఉంది కనుక ఆ చిక్కు లేదు.

తేడా ఏ నెల మొదలైందో పట్టుకోవడానికి పాత పేస్లిప్‌లు వరసగా చూడండి. ఇంక్రిమెంట్, ప్రమోషన్, షిఫ్ట్ మార్పు, జీతం లేని సెలవు, మెటర్నిటీ లీవ్ నుంచి తిరిగి చేరడం, ఇలాంటివి జరిగిన నెలలోనే సాధారణంగా తప్పు దొర్లుతుంది. నైట్ షిఫ్ట్ మానేసినా అలవెన్స్ పడుతూనే ఉండటం చాలాచోట్ల చూసే పొరపాటు.

తెలిసిన రోజే రాతపూర్వకంగా చెప్పండి

ముందుగా మీ కంటపడితే ఆ రోజే పేరోల్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్‌లోనో, క్యాంటీన్‌లోనో చెప్పి ఊరుకోవద్దు. ఆరు నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడితే మీకు తెలుసా లేదా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు మీ దగ్గర తేదీ ఉన్న మెయిల్ ఉండాలి. మొదటి మెయిల్ రెండు మూడు వాక్యాలు చాలు: ఫలానా లైనులో ఇంత తేడా కనిపిస్తోంది, పరిశీలించి చెప్పండి, అంతవరకు ఈ మొత్తం పక్కన పెడుతున్నాను. వాయిదాల ప్రస్తావన అందులో వద్దు. మొత్తం ఎంతో తేలకుండా వాయిదాలు మాట్లాడితే తర్వాత లెక్క మారినప్పుడు చిక్కు వస్తుంది.

ఉంచుకోవచ్చా అన్న అనుమానం కొందరికి ఉంటుంది. ఉంచుకోకూడదు. పొరపాటున ముట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలని 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్ చెప్తోంది. తప్పు కంపెనీదే అయినా డబ్బు మీది కాదు.

కొన్నిసార్లు కబురు అటు నుంచే వస్తుంది: మీకు ఎక్కువ పడింది, ఈ ఖాతాకు వెంటనే పంపండి అని. అలాంటి మెయిల్ వస్తే డబ్బు పంపకండి. పేరోల్ పేరుతో మోసాలు జరుగుతున్నాయి. కంపెనీ హెచ్‌ఆర్ పోర్టల్‌లో టికెట్ తెరిచి గాని, మీకు తెలిసిన హెచ్‌ఆర్ వ్యక్తికి నేరుగా ఫోన్ చేసి గాని ఖాయం చేసుకోండి. ఆ మెయిల్‌కే రిప్లై కొట్టి ఖాయం చేసుకోవడం కుదరదు, మోసగాడైతే జవాబిచ్చేది కూడా అతనే.

నెలవారీ స్టేట్‌మెంట్ అడగండి, గ్రాస్ నెట్ విడదీయండి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. పేరోల్ నుంచి మీకు కావలసింది ఒక్క మొత్తం కాదు. ప్రతి నెలకూ పడాల్సిన గ్రాస్ ఎంత, పడిన గ్రాస్ ఎంత, ఆ తేడా మీద కట్ అయిన టీడీఎస్, పీఎఫ్ ఎంత, చివరికి చేతికి ఎంత ఎక్కువ వచ్చింది అన్న లెక్క కావాలి.

మన ఉదాహరణలో గ్రాస్ తేడా నెలకు 10,000, ఐదు నెలలకు 50,000. కాని ఆమె చేతికి 50,000 రాలేదు. కొత్త పన్ను విధానంలో ఆమె ఆదాయం 12 నుంచి 16 లక్షల శ్లాబ్‌లో ఉంది. అక్కడ పన్ను 15 శాతం, సెస్ కలిపితే 15.6 శాతం. అంటే 50,000 మీద 7,800 టీడీఎస్‌గా ఆదాయపు పన్ను శాఖకు వెళ్లిపోయింది. చేతికి అదనంగా వచ్చింది 42,200.

మరి ఆమె తిరిగి ఇవ్వాల్సింది 50,000నా, 42,200నా? ఏ దారిలో ఇస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. రాబోయే నెలల జీతంలో గ్రాస్ నుంచి పట్టుకుంటే 50,000 సరైన అంకె. ఎందుకంటే గ్రాస్ తగ్గగానే ఏడాది ఆదాయం తగ్గుతుంది, మిగిలిన నెలల టీడీఎస్ దానంతట అదే తగ్గి ఆ 7,800 ఆమెకు తిరిగొస్తుంది. అలా కాకుండా ఆమె బ్యాంకు నుంచి కంపెనీకి 50,000 పంపి, పేరోల్ ఆ సంగతి జీతం లెక్కలో ఎక్కించకపోతే, తన చేతికి రాని 7,800 కూడా తానే కట్టినట్టు. కాబట్టి నా సలహా ఏమిటంటే, డబ్బు మొత్తం కదలకుండా ఖాతాలో ఉన్నా సరే జీతంలోంచి పట్టుకోమనే అడగండి. బ్యాంకు ద్వారానే పంపాలని కంపెనీ పట్టుబడితే నెట్ మొత్తమే పంపుతానని, టీడీఎస్ సర్దుబాటు మీరు చూసుకోవాలని రాయండి.

ఆదాయానికి పన్నే పడని ఉద్యోగులకు ఈ బాధ లేదు. వాళ్లకు టీడీఎస్ వరకు గ్రాస్ తేడా, నెట్ తేడా ఒకటే.

మార్చి 31 కూడా ఇందుకే ముఖ్యం. రికవరీ అదే ఆర్థిక సంవత్సరంలో పూర్తయితే ఫారం 16లో సరైన జీతమే కనిపిస్తుంది. మార్చి దాటిందంటే పాత ఏడాది ఫారం 16లో ఎక్కువ జీతం, ఎక్కువ పన్ను ఉండిపోతాయి. అప్పుడు కంపెనీ టీడీఎస్ రిటర్న్ సవరించాలి, మీరు మీ రిటర్న్ సరిచూసుకోవాలి. అవుతుంది గాని చాలా తిరగాలి. వీలైనంతవరకు చివరి వాయిదా ఫిబ్రవరికల్లా అయిపోయేలా చూడండి. లెక్కలో ఏదైనా మిగిలితే సర్దడానికి మార్చి ఉంటుంది.

వాయిదా ఎంత అడగాలి

రికవరీ మొదలయ్యాక జీతం రెండు దెబ్బలు తింటుంది. తప్పు సరిదిద్దడం వల్ల ఒక తగ్గుదల, వాయిదా కోత వల్ల ఇంకొకటి. ఈ ఉద్యోగిని ఐదు నెలలుగా సుమారు 1,19,000 చేతికి అందుకుంటోంది. తప్పు సరిదిద్దాక, వాయిదా 10,000 పోయాక, తగ్గిన టీడీఎస్ కలుపుకుని చేతికి వచ్చేది సుమారు 1,01,800. అంటే పోయేది 10,000 కాదు, 17,000 పైనే. వాయిదా ఎంతో నిర్ణయించేటప్పుడు పాత జీతంతో కాదు, ఈ కొత్త అంకెతో లెక్క వేసుకోవాలి.

ఆమె ఖర్చులు: అద్దె 28,000, కారు ఈఎంఐ 14,500, ఊళ్లో అమ్మానాన్నలకు 15,000, ఇంటి ఖర్చు 30,000. మొత్తం 87,500. నెలకు 10,000 కోస్తే ఇంకా 14,300 చేతిలో ఉంటుంది. పిల్లల టర్మ్ ఫీజు లాంటిది వచ్చినా కొంచెం ముందు నుంచి కూడబెట్టుకుని కట్టగలదు. రెండు వాయిదాల్లో 25,000 చొప్పున కోస్తే చేతికి 86,800 దగ్గర వస్తుంది, ఫీజు మాట రాకముందే లోటు. ఒకేసారి 50,000 కోస్తే మిగిలేది దాదాపు 61,800. అద్దె కట్టాక ఈఎంఐ తేదీన ఖాతాలో డబ్బు ఉంటుందో లేదో తెలియదు, బౌన్స్ అయితే చార్జీ పడటమే కాక సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

కాబట్టి ఆమె అడగాల్సింది ఐదు వాయిదాలు, నెలకు 10,000, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఈ అడిగే తీరులో ఒక న్యాయం కూడా ఉంది: ఎన్ని నెలలు ఎక్కువ పడిందో అన్ని నెలల్లోనే తిరిగి వెళ్తోంది. మేనేజర్‌కు గాని ఫైనాన్స్ వాళ్లకు గాని ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. పన్నెండు నెలలు కావాలని అడిగితే బేరం మొదలవుతుంది, పైగా మార్చి దాటిపోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019లో 18వ సెక్షన్ ప్రకారం, పొరపాటున ఎక్కువ ఇచ్చిన వేతనాన్ని జీతంలోంచి సర్దుకునే అధికారం యజమానికి ఉంది. అయితే ఒక జీతం కాలంలో అన్ని కోతలూ కలిపి వేతనంలో 50 శాతం దాటకూడదు. ఇది పైన గీసిన గీత మాత్రమే. 45 శాతం కోసినా చట్టం ఒప్పుకుంటుంది, ఇల్లు మాత్రం గడవదు. ఇన్ని వాయిదాలు ఇచ్చి తీరాలని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు. అందుకే మెయిల్‌లో హక్కుల భాష కంటే లెక్క భాష ఎక్కువ పనిచేస్తుంది. 50 శాతం మాట దాటినప్పుడే వాడండి.

మెయిల్ ఎలా ఉండాలి

ఎవరికి పంపాలో ముందు చూసుకోండి. చాలా కంపెనీల్లో పేరోల్ బయటి ఏజెన్సీ చేస్తుంది, వాయిదాలకు ఒప్పుకునే అధికారం వాళ్లకు ఉండదు. కాబట్టి పేరోల్‌కు పంపుతూ మీ హెచ్‌ఆర్‌ను, మేనేజర్‌ను సీసీలో పెట్టండి. నెలలో జీతం ఇన్‌పుట్‌లు ఏ తేదీకి మూస్తారో కనుక్కుని దానికి కనీసం వారం ముందు పంపండి. ఆ తేదీ దాటితే అందరూ ఒప్పుకున్నా ఆ నెల కోత ఆపలేరు.

ఆఫీసులో ఇంగ్లీషులో రాసేవాళ్లు ఇదే క్రమంలో రాసుకోవచ్చు.

> విషయం: ఏప్రిల్–ఆగస్టు జీతంలో ఎక్కువ చెల్లింపు, ఐదు వాయిదాల్లో రికవరీకి ప్రతిపాదన (ఎంప్లాయీ ఐడీ ____)
>
> పేరోల్ టీమ్‌కు నమస్కారం.
>
> సెప్టెంబర్ __ తేదీన మీరు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. ఇంక్రిమెంట్ ఎక్కించడంలో జరిగిన పొరపాటు వల్ల ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు స్పెషల్ అలవెన్స్ నెలకు 10,000 చొప్పున, మొత్తం గ్రాస్ 50,000 ఎక్కువ చెల్లించినట్టు నా పేస్లిప్‌లతో సరిచూసుకున్నాను. ఈ మొత్తంతో నేను ఏకీభవిస్తున్నాను.
>
> దీన్ని నా గ్రాస్ జీతం నుంచి నెలకు 10,000 చొప్పున ఐదు సమాన వాయిదాల్లో, అక్టోబర్ జీతంతో మొదలుపెట్టి ఫిబ్రవరి జీతంతో ముగిసేలా పట్టుకోవాలని కోరుతున్నాను. ఇలా అయితే రికవరీ ఇదే ఆర్థిక సంవత్సరంలో పూర్తవుతుంది, ఫారం 16లో సవరణ అవసరం ఉండదు.
>
> ఒకేసారి పట్టుకుంటే ఆ నెల నా చేతికి సుమారు 61,800 మాత్రమే వస్తుంది. అద్దె, ఈఎంఐ, తల్లిదండ్రులకు పంపే మొత్తం, ఇంటి ఖర్చు కలిపి నాకు నెలకు 87,500 తప్పనిసరి ఖర్చులు ఉన్నాయి. అందుకే వాయిదాలు అడుగుతున్నాను.
>
> దయచేసి ఈ మూడు విషయాలు రాతపూర్వకంగా తెలియజేయండి: సెప్టెంబర్ నుంచి స్పెషల్ అలవెన్స్ సరైన మొత్తానికి మార్చినట్టు, ఈ మొత్తం మీద వడ్డీ గాని ఇతర చార్జీలు గాని ఉండవని, రికవరీకి తగ్గట్టు మిగిలిన నెలల టీడీఎస్ తిరిగి లెక్కించినట్టు.
>
> ఈలోపు నేను ఉద్యోగం మానేస్తే, అప్పటికి మిగిలిన వాయిదాలను ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సర్దుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.
>
> సెప్టెంబర్ __ లోపు మీ జవాబు తెలియజేస్తే అక్టోబర్ జీతానికి ఇబ్బంది ఉండదు. ఈ ప్రతిపాదనపై నిర్ణయం తెలిపే వరకు వేరే కోత ఏదీ పెట్టవద్దని మనవి.
>
> ధన్యవాదాలు.

ఇందులో కొన్ని మాటలు కావాలనే అలా రాశాను. పొరపాటు ఎక్కడ జరిగిందో ఒక్క వాక్యంలో ఉంది, నిందించకుండా ఉంది. అదే సమయంలో తప్పు మీదేమో అన్న అనుమానానికి చోటివ్వదు. నేను బాకీ ఉన్నాను అని రాయకుండా ఎక్కువ చెల్లించినట్టు సరిచూసుకున్నాను అని రాయండి, అది అప్పు కాదు. ఖర్చుల వివరాలు ఒక్క అంకెలో చాలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, వైద్యం బిల్లులు జతచేయకండి, వాళ్లు అడిగితే అప్పుడు చూద్దాం. ఇక ఉద్యోగం మానేసే మాట మీరే రాయడం వింతగా అనిపించవచ్చు. కాని ఫైనాన్స్ వాళ్లు వాయిదాలకు వెనకాడేది మధ్యలో వెళ్లిపోతారేమో అన్న భయంతోనే. ఆ భయం మీరే తీర్చేస్తే ఒప్పుకోవడం తేలిక.

స్టేట్‌మెంట్‌లోని అంకె మీ లెక్కకు సరిపోకపోతే ఏకీభవిస్తున్నానని రాయొద్దు. ఒప్పుకున్న భాగం ఎంత, తేడా ఎంత, ఏ నెలలో, అని విడిగా రాసి, ఒప్పుకున్న భాగానికి మాత్రం వాయిదాలు మొదలుపెట్టమనండి.

జవాబు వచ్చాక

సరే అని వస్తే ఆ మెయిల్ మీ సొంత దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకోండి. ఉద్యోగం మారితే ఆఫీసు మెయిల్ చేతిలో ఉండదు.

ఒకేసారి కోయడం మా పాలసీ అంటే ఆ పాలసీ పేజీ పంపమని మర్యాదగా అడగండి. చాలాసార్లు అది రాతలో ఉండదు, అలవాటుగా నడుస్తుంటుంది. ఉన్నా మధ్యే మార్గం చూపండి: మొదటి వాయిదా 15,000, మిగతా 35,000 మూడు నెలల్లో, అని. పక్కన పెట్టుకున్న డబ్బు ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. ఒప్పుకోకుండానే మొత్తం కోసేసి, ఆ నెల కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటితే, 18వ సెక్షన్ పేరు చెప్పి సగానికి మించిన మొత్తం తిరిగి వేయమని రాయండి. అప్పటికీ కదలకపోతే కార్మిక శాఖను సంప్రదించవచ్చు.

సంతకం పెట్టమని ఏదైనా పత్రం ఇస్తే నిదానంగా చదవండి. మొత్తం, వాయిదాలు, నెలలు మాత్రమే ఉంటే పర్వాలేదు. దానికి లోన్ అగ్రిమెంట్ అని పేరు పెట్టినా, వడ్డీ ఉన్నా, కంపెనీ ఎప్పుడు తేల్చిన ఏ మొత్తాన్నైనా పట్టుకోవచ్చు లాంటి వాక్యం ఉన్నా, ఆ వాక్యం తీసేయమని అడగండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వకండి.

ఆ తర్వాత ప్రతి నెలా పేస్లిప్‌లో మూడు చోట్ల చూడండి. స్పెషల్ అలవెన్స్ సరైన మొత్తంలో ఉందా, రికవరీ లైను 10,000 మాత్రమే ఉందా, టీడీఎస్ తగ్గిందా. మన ఉదాహరణలో టీడీఎస్ నెలకు సుమారు 8,900 నుంచి 6,200కు దిగాలి. దిగకపోతే రికవరీని గ్రాస్ నుంచి కాక, పన్ను పోయాక మిగిలిన నెట్ నుంచి కోస్తున్నారన్నమాట. కోత డిడక్షన్స్ వైపు కనిపించి, ఎర్నింగ్స్ మొత్తం తగ్గకపోవడం దీనికి గుర్తు. అదే నెల మెయిల్ పెడితే సులువుగా సరిదిద్దుతారు, మార్చి అయ్యాక కష్టం.

మధ్యలో ఉద్యోగం మారితే మిగిలినది ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పోతుంది. రాజీనామా చేసినవారికి రావాల్సిన వేతనాలు రెండు పనిదినాల్లో ఇవ్వాలని కొత్త కోడ్ చెప్తోంది కనుక, చివరి రోజుకు ముందే ఎన్ని వాయిదాలు అయ్యాయో, ఎంత మిగిలిందో ఒక మెయిల్‌తో సరిచూసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులైతే

పే ఫిక్సేషన్ తప్పు వల్ల ఎక్కువ పడిన జీతాన్ని కొన్ని సందర్భాల్లో రికవరీ చేయకూడదని స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగులు, రిటైర్ అయినవారు లేదా ఏడాదిలో రిటైర్ అయ్యేవారు, రికవరీ ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించి ఎక్కువ చెల్లింపు సాగిన కేసులు వాటిలో ఉన్నాయి. అయితే జీతం సవరించేటప్పుడు ఎక్కువ పడితే తిరిగి ఇస్తానని అండర్‌టేకింగ్ ఇచ్చినవారు దానికి కట్టుబడాలని 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు తేల్చింది. కాబట్టి వాయిదాల లేఖ రాసే ముందు మీ సర్వీస్ రిజిస్టర్‌లో అలాంటి అండర్‌టేకింగ్ ఉందేమో చూసుకోండి. లేకపోతే, మీరు పై వర్గాల్లోకి వస్తే, వాయిదాలు అడగకుండా రికవరీ వద్దనే అభ్యంతరం డీడీఓకు ముందు రాయాలి. వాయిదాలు అడుగుతూ రాసిన లేఖను తర్వాత మీరు ఒప్పుకున్నట్టుగా చూపించే అవకాశం ఉంది.

ప్రైవేట్ ఉద్యోగులు ఈ తీర్పును మెయిల్‌లో ఉటంకించి లాభం లేదు, అది ప్రభుత్వ ఉద్యోగుల సందర్భంలో వచ్చింది.

చివరి వాయిదా కోసిన నెల పేస్లిప్ రాగానే ఒక్క మెయిల్ మిగిలి ఉంటుంది: ఫిబ్రవరి జీతంతో 50,000 పూర్తిగా రికవరీ అయింది, ఇక బాకీ సున్నా అని ఖాయం చేయండి, మార్చిలో రికవరీ లైను తీసేయండి అని. సిస్టమ్‌లో ముగింపు నెల పెట్టకపోతే ఆరో నెల కూడా కోత పడిపోతుంది.